‘లాస్ట్ రేట్ చెప్పండి’కి నా జవాబు

బేరం బాగా ఆడేవాళ్లకి మన ఇళ్లలో మంచి పేరుంటుంది. "ఎనిమిది వందలు చెప్పిన చీరని నాలుగు వందల యాభైకి తెచ్చింది" అని అత్తల గురించీ పిన్నుల గురించీ గొప్పగా చెప్పుకుంటాం. అమ్మినవాళ్ల ఇంట్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎవరికీ తెలీదు. నాకు తెలుసు, ఎందుకంటే మాది అమ్మే ఇల్లు. అందుకే ఈ సంచికలో కవిత కాకుండా ఒక లెక్క రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగులో లెక్క రాయడం నాకు ఇదే మొదటిసారి. కొంచెం ఓపిక పట్టండి.

మాది చౌడేపల్లె పక్కన ఒక పల్లె. బోయకొండ గంగమ్మ గుడి ఉండే మండలమే. సంక్రాంతి దాటినాక మా వైపు చింతకాయ దులుపుడు మొదలవుతుంది, ఉగాది దాకా ఊళ్లో ఎవరి వాకిట్లో చూసినా చింతపండే. అమ్మ ప్రతి ఏడూ కొన్ని చెట్లు గుత్తకి తీసుకుంటుంది. కాయ దులిపించి, ఎండబెట్టి, పెంకు, ఈనెలు, గింజలు తీయించి అమ్ముతుంది. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకి జవాబు రాసే పని నాది.

ఈసారి గింజ తీసిన కొత్త చింతపండు కిలో 140 పెట్టాం. అదే వారం పుంగనూరులో మేం అడిగిన దుకాణాల్లో ఇలాంటి పండు చిల్లరగా 150, 160 చెప్పారు. బెంగళూరులో పులిహోర పేస్టు చేసి అమ్మే ఒకాయన 50 కిలోలు కావాలని మెసేజ్ పెట్టాడు. ఫోటోలు చూశాడు, బాగుందన్నాడు. ఆ తర్వాత మొదలైంది. "110కి ఇవ్వండి." "ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే ఉంది." "రెగ్యులర్‌గా మీ దగ్గరే తీసుకుంటా." "బిల్లు వద్దులెండి, జీఎస్టీ మిగుల్తుంది కదా." చివరికి అందరూ అడిగేదే: "సరే, లాస్ట్ రేట్ చెప్పండి."

ఇలాంటప్పుడు అమ్మేవాళ్లు మామూలుగా రెండు రకాలుగా జవాబిస్తారు. ఒకటి, కష్టం చెప్పుకోవడం: "సార్, మాకేం మిగలదు సార్." రెండోది, కోపం: "కొనేట్టుంటే కొను, లేకపోతే పో." రెండూ పనికిరావు. మొదటిది ఆయన వందసార్లు విన్న మాట, నమ్మడు. రెండోది చెప్తే మళ్లీ రాడు. నా అభిప్రాయం ఏంటంటే, ధర న్యాయంగా ఉన్నప్పుడు దాన్ని విప్పి ముందు పెట్టడమే సరైన జవాబు. విప్పితే అందులో కదిలే ముక్కలేవో, కదలనివేవో ఇద్దరికీ కనిపిస్తాయి.

కాబట్టి విప్పుతున్నా. ఇవి మా ఇంటి నోటుబుక్కులో ఉన్న లెక్కలే.

పెంకుతో ఉన్న కాయ వంద కిలోలు తీసుకుందాం. చెట్టు గుత్త, ఎక్కి దులిపినవాళ్ల కూలి, బండి బాడుగ అన్నీ కలిపి మాకు కిలో 45 పడింది, అంటే 4,500. ఈ వంద కిలోల నుంచి వంద కిలోల చింతపండు రాదు. పెంకూ ఈనెలూ పోతాయి, ఎండలో తేమ పోతుంది, గింజలు 33 కిలోల దాకా వస్తాయి. చివరికి చేతికొచ్చే గుజ్జు 50 కిలోలు. అంటే పని మొదలు కాకముందే కిలో గుజ్జు 90 రూపాయలు పడింది.

తర్వాత ఆడవాళ్ల పని. పెంకు కొట్టి ఈనెలు లాగడానికి కిలోకి 10, చిన్న ఇనప కడ్డీతో కొట్టి గింజ తీయడానికి కిలోకి 12, మొత్తం 22. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి ఒక మనిషి చేసేది 12 కిలోలు, కూలి 264 రూపాయలు. వేళ్లకి పులుపు పట్టి చర్మం చిట్లుతుంది. రెండు వారాలు అయ్యాక ఆ చేత్తో కారం కలిపిన అన్నం తినలేరు.

సంచులు, తూకం, పుంగనూరు దాకా ఆటో కలిపి కిలోకి 8 రూపాయలు. గింజలు అమ్మితే వచ్చే డబ్బు దీనికి సరిపోతుంది. చింతగింజల పిండి బట్టల మిల్లుల్లో గంజికి వాడతారు, అందుకే గింజని కూడా కొనేవాళ్లున్నారు. ఈ రెంటినీ చెల్లుకి చెల్లు అనుకుంటే కిలో గుజ్జు ఖర్చు 112.

ఇక కంటికి కనపడని ఖర్చులు. గుత్త డబ్బు ముందే కట్టాలి, అది రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందే, అంటే వందకి నెలకి రెండు. సరుకంతా అమ్ముడయ్యేసరికి సగటున నాలుగు నెలలు పడుతుంది, కాబట్టి 112 మీద వడ్డీ దాదాపు 9 రూపాయలు. ఉంచే కొద్దీ పండు ఆరి తూకం తగ్గుతుంది, అది కిలోకి ఇంకో 4. మొత్తం 125. మేం అమ్మేది 140కి. మిగిలే 15 రూపాయలే అమ్మ కూలి, అమ్మ లాభం, రెండూ.

ఇప్పుడు ఆయన అడిగిన 110 చూడండి. తగ్గాల్సింది 30. కాయకి డబ్బు ఇచ్చేశాం, అది వెనక్కి రాదు. వడ్డీ ఆగదు. ఆటోవాడు తగ్గడు. అమ్మ తన 15 మొత్తం వదిలేసుకుందనుకున్నా ఇంకో 15 కావాలి. అది తీయడానికి మిగిలింది ఒకే ఒక చోటు, గింజ కొట్టేవాళ్ల 22. అందులో 15 పోతే 7. రోజంతా కూర్చుంటే 264 రావాల్సిన చోట 84 వస్తుంది. బేరం ఆడేవాళ్లకి ఎదురుగా కనపడేది అమ్మే మనిషి ఒక్కరే. కానీ ధరలో బలం లేని ముక్క ఎక్కడుందో కోత అక్కడ పడుతుంది. మా లెక్కలో అది ఆ కూలి.

"మరి వేరేవాళ్లు 110కే ఇస్తున్నారు కదా?" అని అడగొచ్చు. ఇస్తారు, నిజమే. ఎలా ఇస్తారో కూడా తెలుసుకోండి. ముందుగా, చింతపండు అంతా ఒకటి కాదు. హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలకి వేరువేరు ధరలు పలుకుతాయి, వాటి మధ్య తేడా చాలా ఎక్కువ. కాబట్టి ‘ఆన్‌లైన్‌లో తక్కువ’ అన్నప్పుడు ఏ రకం, ఏ ఏడాది పంట అనేది తెలియకపోతే ఆ పోలికకి అర్థం లేదు. కొత్త పండు ఎర్రగా, గోధుమరంగు కలిసి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టకుండా బయటే ఉంచితే వానాకాలం తిరిగేసరికి నల్లబడుతుంది.

రెండోది గింజ. పై పొరలో శుభ్రంగా పెట్టి, లోపల గింజలు వదిలేసిన ముద్దలు పెడతారు. కొనేముందు సంచి అడుగు నుంచి ఒక కిలో తీసి, గింజలన్నీ ఏరి తూకం వేయండి. ఇరవై, ముప్ఫై గ్రాములుంటే చేతిపనిలో అది మామూలే. నూటయాభై ఉంటే ఎవరో కావాలనే వదిలేశారు.

మూడోది నీళ్లు. కొంచెం చిలకరిస్తే పండు మెత్తగా, తాజాగా కనపడుతుంది, బరువూ పెరుగుతుంది. కొన్ని వారాల్లో బూజు వాసన మొదలవుతుంది. అనుమానం వస్తే వంద గ్రాములు పరిచి ఒక పూట మంచి ఎండలో పెట్టి మళ్లీ తూకం వేయండి. సరిగ్గా ఎండిన పండు పెద్దగా తగ్గదు, నీళ్లు కొట్టింది పట్టిస్తుంది.

110కి కొన్న కిలోలో 150 గ్రాముల గింజ, 80 గ్రాముల నీళ్లు ఉన్నాయనుకోండి. అసలు గుజ్జు 770 గ్రాములే. 110ని 0.77తో భాగిస్తే కిలో గుజ్జు 143 పడింది. మేం చెప్పిన 140 కంటే మూడు రూపాయలు ఎక్కువ. బేరం గెలిచానని ఆయన ఇంట్లో చెప్పుకుంటూ ఉంటాడు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగుల్తుంది. అయితే అసలు తగ్గించకూడదా? తగ్గించొచ్చు, కానీ ధర ఒక్కటే తగ్గకూడదు. దాంతో పాటు ఒప్పందంలో ఇంకోటి కూడా మారాలి. పైన విప్పిన ముక్కల్లో కొన్ని కొనేవాళ్ల చేతిలోనే ఉన్నాయి. వాళ్లు వాటిని కదిలిస్తే ధర దానంతట అదే కదులుతుంది. అందుకే అమ్మని అడిగి నేను రాసిన జవాబు ఇది:

"నమస్తే అన్నా. మా రేటు 140. ఇదే మొదటి రేటు, ఇదే లాస్ట్ రేటు. మీరు అడుగుతారని ముందే పెంచి చెప్పలేదు, అందుకే తగ్గించడానికి పైన ఏమీ లేదు. 110కి ఇవ్వాలంటే గింజ కొట్టేవాళ్ల కూలిలో కోయాలి, అది మేం చేయం. జీఎస్టీ మాట అన్నారు. ఎండు చింతపండు మీద 2019 అక్టోబర్ నుంచి జీఎస్టీ లేదు, కాబట్టి బిల్లు లేకపోతే మిగిలేదీ లేదు. కానీ మీకు తక్కువలో కావాలంటే మూడు దారులున్నాయి. డబ్బు మొత్తం ఇచ్చి 50 కిలోలు ఈ వారంలోనే తీసుకుంటే మాకు వడ్డీ, తూకం తరుగు తప్పుతాయి, కిలో 130కి ఇస్తాం. మీ సంచులు తెచ్చుకుని మా ఇంటి దగ్గరే ఎత్తుకుంటే ఇంకో 4 తగ్గుతుంది, 126. అదీ కుదరకపోతే గింజతో ఉన్న పండు కిలో 80కి ఉంది, గింజ మీరే తీయించుకోవచ్చు. ఏదైనా సరే, ఒక కిలో శాంపిల్ పంపిస్తాం, ఎండబెట్టి తూకం వేసి చూసుకోండి. కుదరకపోయినా ఏం ఇబ్బంది లేదన్నా."

ఇందులో ఒక్కో దారి ఎందుకు పెట్టామో చెప్తా. ముందే డబ్బిచ్చి ఎత్తుకెళ్తే మాకు వడ్డీ 9, తరుగు 4, మొత్తం 13 మిగుల్తుంది. అందులో 10 ఆయనకి, 3 మాకు. ఇద్దరికీ లాభమే, ఎవరి కూలీ తగ్గలేదు. గింజతో ఉన్న పండు చవగ్గా కనపడుతుంది కానీ ఆ కిలోలో గుజ్జు 600 గ్రాములే, అంటే కిలో గుజ్జు 133 పడుతుంది, పైగా గింజ కొట్టే పని ఆయన మీద పడుతుంది. ఆయన వంటింట్లో పనివాళ్లు మధ్యాహ్నం ఖాళీగా ఉంటే అది ఆయనకి మంచి బేరమే. లేకపోతే కాదు. ఆ లెక్క వేసుకోవాల్సింది ఆయన.

జవాబులో ‘కష్టం’ అనే మాట లేదని గమనించండి. కావాలనే రాయలేదు. జాలి చూపించి ధర నిలబెట్టుకుంటే, మాకన్నా కష్టంలో ఉన్నవాళ్లు ఎదురైన రోజు ఆ ధర పడిపోతుంది. లెక్క మీద నిలబడ్డ ధర అలా పడదు.

ఆయన కొనలేదు. "ఆలోచించి చెప్తా" అన్నాడు, మళ్లీ మెసేజ్ లేదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు అమ్మని అడిగారు, "చేతికొచ్చిన బేరం వదులుకుంటే ఎట్లమ్మా, 110కి ఇచ్చేసి ఉంటే డబ్బన్నా చేతిలో ఉండు కదా" అని. వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు, డబ్బు ఆగిపోతే ఇబ్బందే. అందుకే అది కూడా లెక్కేశాం. 50 కిలోల్లో మేం పెట్టింది 5,600. ఇంకో నెల ఆగితే దాని మీద వడ్డీ 112 రూపాయలు, తరుగు ఇంకో యాభై అనుకుందాం. 30 తగ్గించి ఇచ్చేస్తే పోయేది 1,500. ఇంకో నెల ఆగడానికి 162 ఖర్చు, ఆగకపోవడానికి 1,500. ఆ సరుకు నెల తిరిగేసరికి అయిదు కిలోలు, పది కిలోలుగా 140కే పోయింది.

కానీ ఈ జవాబుకి ఒక హద్దుంది. ఆగగలిగే సరుకు ఉన్నవాళ్లే ఇలా చెప్పగలరు. మా చుట్టాల్లో చాలామంది టమాటా రైతులు. మదనపల్లె మార్కెట్‌కి పొద్దున తెచ్చిన టమాటా సాయంత్రానికి పోవాల్సిందే, రేపటికి అది ఇదే సరుకు కాదు. 2023 జూలైలో అక్కడ మేలురకం కిలో 150 దాటింది. ఇంకొన్ని సార్లు కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోశారు. అక్కడ రైతు ధర చెప్పడు, వేలం చెప్తుంది. "మా ఖర్చు ఇంత" అని లెక్క చూపిస్తే వినేవాడుండడు. చింతపండు కనీసం కొన్ని నెలలు ఆగుతుంది, ఆ ఆగడమే మా బలం. అది కూడా నల్లబడేదాకానే. రంగు మారితే మేమూ తగ్గిస్తాం, అయితే అప్పుడు ఆ వారం వచ్చినవాళ్లందరికీ ఒకే ధర.

‘అందరికీ’ అనే మాట మీద నాకు పట్టుదల ఎక్కువ. మా వీధిలో ఉండే టీచరమ్మ ప్రతి ఏడూ మూడు కిలోలు తీసుకుంటారు. ధర అడుగుతారు, డబ్బిస్తారు, పోతారు. బెంగళూరాయన గట్టిగా నాలుగు మెసేజ్‌లు పెట్టాడని ఆయనకి 110కి ఇస్తే, మర్యాదగా కొన్నందుకు ఆమె మీద 30 రూపాయల జరిమానా వేసినట్టే. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె కూడా బేరం మొదలుపెడతారు. అప్పుడు మేం 170 చెప్పి 140కి దిగడం నేర్చుకోవాలి. 100 చెప్పి 60కి ఇచ్చే దుకాణాలు అలాగే పుట్టాయి. అలాంటి చోట బేరం ఆడటం తప్పు కాదు, తెలివి. నేనూ ఆడతా. కానీ అక్కడ నేర్చుకున్న అలవాటుతో పెంచని ధర మీద కూడా అదే కత్తి తీస్తే, పెంచకుండా చెప్పేవాళ్లు మిగలరు.

ఇంకో మాట. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉంటే మనం నోరెత్తం. నిజానికి అది గరిష్ఠ ధర, అంతకన్నా తక్కువకి అడగడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. అయినా సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర "ఈ చింతపండు ప్యాకెట్ లాస్ట్ రేట్ ఎంత?" అని అడిగినవాళ్లని నేను చూడలేదు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడే మనకి బేరం గుర్తొస్తుంది. ధర ఎక్కువైందనో తక్కువైందనో కాదు, ఎదుటివాళ్లు ‘కాదు’ అనలేరన్న నమ్మకంతో అడుగుతాం.

అందుకే ఈసారి ఎవరైనా చెప్పిన ధర మీకు ఎక్కువ అనిపిస్తే, "లాస్ట్ ఎంత?" అనే బదులు "ఇందులో ఏది మారిస్తే తగ్గుతుంది?" అని అడిగి చూడండి. ధర ఊరికే పెంచిన మనిషికి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు, తడబడతాడు. న్యాయంగా చెప్పిన మనిషి వెంటనే చెప్తుంది: "డబ్బు ముందియ్యి నాయనా, పది తగ్గిస్తా. సంచి తెచ్చుకో, ఇంకో నాలుగు." ఆ పద్నాలుగు రూపాయలు మీరు నిశ్చింతగా తీసుకోండి. అవి ఎవరి చేతుల్లోంచీ లాక్కున్నవి కావు.